నేల ఉసిరి ఫోటోకి మూడు పేర్లు ఎందుకొచ్చాయి

"మాస్టారూ, మాది గునుపురం దగ్గర పల్లె. మా పెరట్లోనూ పొలం గట్టు మీదా ఉన్న మొక్క నేల ఉసిరే అని మా అత్తగారు అంటారు. ఫోన్లో మొక్కల యాప్‌లో పెడితే సాయంత్రం తీసిన ఫోటోకి చింత మొలక అంది. బాగా కనపడుతుందని ఫిల్టరు పెట్టినదానికి ఎర్ర నేల ఉసిరి అంది. మధ్యాహ్నం గట్టు మీద తీసినదానికి ఏదో గడ్డి పేరు చెప్పింది. మూడూ ఒకే రకం మొక్కవి. ఫోటోలు కింద పెట్టాను. తప్పు యాప్‌దా, నా ఫోటోలదా?"

ఫోటోలదేనమ్మా. మూడూ పెద్దవి చేసి చూశాను. మీ అత్తగారి మాటే నిజమయ్యేలా ఉంది. కానీ ఆ మాటని రుజువు చేసే భాగం మూడు ఫోటోల్లో ఒక్కదానిలోనూ కనపడటం లేదు. లేనిదాన్ని యాపూ చూడలేదు, నేనూ చూడలేను.

ఆ భాగం ఏమిటో ముందు చెబుతాను. అది తెలిస్తే వెలుతురు ఎందుకు కావాలో, వెనక పలక ఎందుకు పెట్టమంటానో మీకే అర్థమవుతుంది.

నేల ఉసిరి రెమ్మని పైనుంచి చూస్తే చింతాకులా ఉంటుంది. సన్నటి ఈనెకి అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు. కానీ చింతాకులో ఆ ఈనె, దానికున్న చిన్న రేకులన్నీ కలిసి ఒకే ఆకు. రేకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, వాటి మొదట్లో పువ్వు గానీ కాయ గానీ పుట్టదు. నేల ఉసిరిలో ఆ ఈనె నిజానికి ఒక చిన్న కొమ్మ. దాని మీద ఒక్కో రేకూ ఒక్కో ఆకు, అవి ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ప్రతి ఆకు మొదట్లోనూ కొమ్మ కింది వైపు ఆవగింజంత పువ్వో కాయో వేలాడుతుంది. రెమ్మని తిరగేస్తే చాలు, చింత సందేహం పోతుంది.

ఇక నేల ఉసిరిలోనే రెండు రకాల తగాదా. మన వైపు ఎక్కువగా కనపడే నేల ఉసిరి శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. దానికి కాయ నున్నగా ఉంటుంది, ఒకటి రెండు మిల్లీమీటర్ల తొడిమ పట్టుకుని కిందికి వేలాడుతుంది. ఎర్ర నేల ఉసిరి అనేది ఫిల్లాంథస్ యూరినేరియా. దాని కాయకి తొడిమ దాదాపు ఉండదు, కొమ్మకి అతుక్కుని కూర్చుంటుంది, పైన గరుకుగా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఆకు అంచున నూగులాంటి సన్నటి వెంట్రుకలు కూడా ఉంటాయి. కాడ ఎరుపుదనం దాంట్లో ఎక్కువే గానీ రంగుని నమ్మి తీర్పు చెప్పకూడదు. నీడలో పెరిగితే అదీ పచ్చగానే ఉండొచ్చు, ఎండ దెబ్బకి మామూలు నేల ఉసిరి కాడ కూడా కొంచెం ఎరుపెక్కొచ్చు. సంతలో మాత్రం ఒడియా వాళ్ళు రెండింటినీ భూయిఁ అఁళా అనే అంటారు, మనం రెండింటినీ నేల ఉసిరి అనే అంటాం. కాబట్టి పేరు వింటే తేలదు, కాయ చూస్తేనే తేలుతుంది.

అంటే మీ ప్రశ్నకి జవాబంతా రెండు మిల్లీమీటర్ల కాయలోనూ, దాని తొడిమలోనూ ఉంది. మసక వెలుతురు, కదలిక, ఫిల్టరు, వెనకాల గడ్డి, ఈ నాలుగూ ముందుగా చెరిపేసేది సరిగ్గా ఆ రెండు మిల్లీమీటర్లనే.

మీ మొదటి ఫోటో చూడండి. మామిడి చెట్టు కింద, సాయంత్రం తీశారు. గ్యాలరీలో ఆ ఫోటో వివరాలు తెరిస్తే 1/15 అని ఒక అంకె కనపడుతుంది. కెమెరా సెకనులో పదిహేనో వంతు సేపు కన్ను తెరిచి ఉంచిందని దాని అర్థం. ఆ కాస్త సేపట్లో మన చెయ్యీ కదులుతుంది, దారమంత కాడ మీదున్న రెమ్మ గాలికీ కదులుతుంది. గోడకైతే అది చాలు, ఇలాంటి మొక్కకి చాలదు. ఆ అంకె 1/100 గానీ ఇంకా వేగంగా 1/200 గానీ ఉంటే రెమ్మ నిలబడినట్టు వస్తుంది.

ఆ ఫోటోలో ఇంకో చిక్కుంది, అది కెమెరాది కాదు, మొక్కదే. నేల ఉసిరి ఆకులు పొద్దు వాలేసరికి ముడుచుకుంటాయి. కార్తీకంలో మన దగ్గర అయిదుంపావు దాటితే వెలుతురు పడిపోతుంది, కొండ పక్కనుంటే ఇంకా ముందే. మీరు తీసేసరికి ఆకులు సగం మూసుకున్నాయి. ఆకు ఆకారమూ లేదు, అంచూ లేదు, మిగిలింది రెండు వరసల చిన్న రేకుల గీత. దాన్ని చింత మొలక అనడంలో యాప్‌ని తప్పు పట్టలేం. ఈ మొక్కని పొద్దున ఎనిమిది నుంచి పది లోపు తియ్యండి. అప్పుడు ఆకులు పూర్తిగా విచ్చుకుని ఉంటాయి. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది. ఎండ కాస్తుంటే ఇంటి నీడలోకి రండి. చెట్టు నీడ కాదు, పైన ఆకాశం కనపడే గోడ నీడ. చెట్టు కింద ఆకుల్లోంచి జల్లెడ పట్టిన వెలుతురు పచ్చగా వస్తుంది, మధ్యలో ఎండ చుక్కలు పడి ఒక ఆకు తెల్లగా, పక్క ఆకు నల్లగా పోతుంది. నైట్ మోడ్ వాడొద్దు. అది వరసగా చాలా ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. మొక్క కదులుతుంటే ఆ పేర్పులో తొడిమలాంటి సన్న గీతలు అలుక్కుపోతాయి. ఫ్లాష్ కూడా వద్దు, నున్నటి కాయ మీద తెల్లటి మెరుపు పడి బొడిపెలు ఉన్నాయో లేవో తెలియకుండా పోతుంది.

మసక గురించి ఇంకొంచెం చెప్పాలి. మసక వచ్చిందని అందరూ మళ్ళీ అదే పద్ధతిలో పది ఫోటోలు తీస్తారు, పదీ అలాగే వస్తాయి. మసకలో మూడు రకాలున్నాయి, మూడింటికీ మందు వేరు. ఫోటోని పెద్దది చేసి చూడండి. ఆకు అంచులు ఒకే దిక్కుకి సాగినట్టు, జంటగా కనపడితే అది కదలిక. దానికి వెలుతురు పెంచాలి, మోచేతులు మోకాళ్ళకి ఆనించుకుని కూర్చోవాలి, రెమ్మకి గాలి తగలకుండా పక్కన ఎవరినైనా చాట అడ్డం పెట్టమనాలి. ఆకు మసకగా ఉండి దాని వెనకున్న మట్టిబెడ్డో గడ్డిపోచో చక్కగా కనపడితే అది ఫోకస్ తప్పడం. సన్న రెమ్మని వదిలేసి కెమెరా వెనకున్నదాన్ని పట్టుకుంది. ఇక ఫోటో అంతా ఎక్కడ చూసినా తడిసిన రంగుల బొమ్మలా అలుక్కుపోయి ఉంటే అది వెలుతురు చాలక కెమెరా చేసిన దిద్దుబాటు. చీకట్లో వచ్చిన ఇసక రేణువుల్లాంటి చుక్కల్ని తుడిచే పనిలో అది కాయ మీది బొడిపెల్ని కూడా తుడిచేస్తుంది. దీనికి వెలుతురు తప్ప వేరే మందు లేదు. మీ మొదటి ఫోటోలో మొదటిదీ మూడోదీ కలిసి ఉన్నాయి. మూడో ఫోటోలో రెండోది ఉంది.

ఫోకస్ తప్పడానికి పెద్ద కారణం మరీ దగ్గరికి వెళ్ళడం. చిన్న మొక్క కదా అని ఫోన్ని నాలుగు వేళ్ళ దూరానికి తీసుకెళ్తాం. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరాకి పది సెంటీమీటర్ల లోపల ఫోకస్ పట్టదు, పెద్ద సెన్సరున్న కొత్త ఫోన్లకి ఇంకా దూరం కావాలి. జానెడు దూరంలో ఉండి రెండింతలు జూమ్ చేసి తియ్యండి, తర్వాత కత్తిరించుకోండి. తెర మీద కాయ దగ్గర వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే తాళం పడుతుంది. తక్కువ ధర ఫోన్లలో మాక్రో అని వేరే లెన్సు ఇస్తారు. అవి చాలావరకు రెండు మెగాపిక్సెళ్ళవే. వాటికంటే మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించిన ముక్కే నయం, రెండూ తీసి మీరే పోల్చుకోండి.

మీ రెండో ఫోటో నిజానికి మూడింట్లోకీ శుభ్రమైనది. ఫోకస్ బాగుంది. దాన్ని పాడుచేసింది వెచ్చటి రంగు పూసిన ఫిల్టరు. మీరే రాశారు, బాగా కనపడుతుందని పెట్టానని. పచ్చని కాడ రాగి రంగులోకి తిరిగింది. పైగా ఆ ఫిల్టరు చర్మం నునుపు చేసేదాన్ని కూడా కలుపుకుని వస్తుంది, అందుకే ఆకు అంచు గీసినట్టుగా ఉంది, నూగు ఉందో లేదో చెప్పలేం. కాడ ఎర్రగా ఉంది కాబట్టి యాప్ ఎర్ర నేల ఉసిరి అంది. ఆ ఫోటోకి నేనైనా అదే అనేవాణ్ణేమో. ఇది ఊరికే అనడం లేదు. కొన్నేళ్ళ కిందట మహేంద్రగిరి వాలులో, వానాకాలం, చెట్ల నీడలో తీసిన నా ఫోటో చూసి నేనూ ఎర్ర రకం అని రాసుకున్నాను. ఫిల్టరేమీ పెట్టలేదు. ఆ రోజు కాగితాల మధ్య ఆరబెట్టి తెచ్చిన రెమ్మని తర్వాత లెన్సు కింద చూస్తే కాయలన్నిటికీ తొడిమలున్నాయి, కాయలు నున్నగా ఉన్నాయి. మామూలు నేల ఉసిరే.

ఫిల్టరు పెట్టకపోయినా ఎరుపు ఎలా వచ్చిందంటే, కెమెరా తనంతట తాను రంగు సరిదిద్దుకుంటుంది. ఫ్రేములో రంగులన్నీ కలిపితే ఇంచుమించు బూడిద రంగు రావాలన్న లెక్క మీద అది నడుస్తుంది. తెర అంతా పచ్చటి ఆకులే ఉంటే పచ్చ ఎక్కువైందనుకుని దాన్ని విరవడానికి గులాబి రంగు కలుపుతుంది. ఆ గులాబి ఆకుల మీద పెద్దగా తెలియదు గానీ లేత కాడల మీద బాగా తెలుస్తుంది. దీనికి విరుగుడు ఒక తెల్ల కాగితం ముక్క. మొక్క పక్కన ఒక మూల అగ్గిపెట్టంత ముక్క పెట్టి తియ్యండి. ఫోటోలో ఆ కాగితం తెల్లగా ఉంటే రంగుని నమ్మొచ్చు. గులాబిగానో పసుపుగానో ఉంటే కాడ రంగు గురించి మాట్లాడకూడదు. కావాలంటే ఎడిట్‌లోకి వెళ్ళి కాగితం తెల్లబడేదాకా వెచ్చదనం, టింట్ జరపొచ్చు. కత్తిరించడమూ ఇదీ తప్ప మొక్క ఫోటోకి ఇంకే దిద్దుబాటూ చెయ్యకండి. కొన్ని ఫోన్లలో మొక్క కనపడగానే తెర మీద ఆకు బొమ్మ వెలుగుతుంది, అప్పుడు కెమెరా తనే పచ్చదనం పెంచేస్తుంది. దాన్ని ఆపెయ్యండి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, అది వెనక భాగాన్ని మసక చేసే తొందరలో సన్నటి ఆకు అంచుల్ని కొరికేస్తుంది.

ఆ రెండో ఫోటోకి ఫిల్టరు తర్వాత పెట్టి ఉంటే పాత రూపం గ్యాలరీలో తిరిగి తెచ్చుకోవచ్చు. తీసేటప్పుడే పెట్టి ఉంటే ఇక రాదు.

మూడో ఫోటోలో అయిదారు మొక్కలున్నాయి. గరిక, తుంగ, ఒక పక్క గలిజేరు తీగ, మధ్యలో మీ నేల ఉసిరి రెండు రెమ్మలు. ఫ్రేములో పదోవంతు కూడా మీ మొక్క లేదు, పైగా ఫోకస్ గరిక మీద ఉంది. మీ మనసులో ఏ మొక్క ఉందో మీకు తెలుసు, ఫోటోకి తెలియదు. ఎక్కువ చోటూ స్పష్టతా దేనికుంటే దాని పేరే వస్తుంది, అందుకే గడ్డి అంది. ఇది అన్నిటికంటే తేలిగ్గా బాగుపడే తప్పు. వెనకాల ఏదైనా పెడితే సరిపోతుంది. ఆ పెట్టేది ఏమిటన్నదే చూసుకోవాలి. పెద్ద తెల్ల కాగితం పెడితే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా మొత్తాన్ని తగ్గిస్తుంది, మొక్క నల్లబడిపోతుంది. దినపత్రిక పెడితే సన్న కాడలు అక్షరాల్లో కలిసిపోతాయి. అరచెయ్యి ఫరవాలేదు గానీ ఒక చేత్తో ఫోన్ పట్టుకోవాలి కాబట్టి కదలిక వస్తుంది. నేను ఎప్పుడూ సంచిలో పెట్టుకునేది పిల్లల పలక. మెరవదు, సన్నటి నూగు కూడా దాని మీద తెల్లగా తేలుతుంది. వాడి వాడి బూడిద రంగుకి తిరిగిన పాత పలకైతే ఇంకా మేలు. కొత్త నల్ల పలకైతే కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, ఆకులు పాలిపోతాయి. అప్పుడు తెర మీద నొక్కితే వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరపండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఇదీ. రేపు పొద్దున ఎనిమిదిన్నర వేళ గట్టు మీదికి వెళ్ళండి. ముందు మొక్క మొత్తం, వేళ్ళ దగ్గర్నుంచి చివరిదాకా, వెనక పలక ఆనించి ఒకటి తియ్యండి. పక్కన గడ్డిని చేత్తో పక్కకి వంచండి, పీకనక్కర్లేదు. తర్వాత కాయలున్న రెమ్మ ఒకటి తుంచి ఇంటి గోడ నీడలో పలక మీద పెట్టి పై వైపు ఒకటి తియ్యండి. వెంటనే తిరగేసి కింది వైపు అయిదారు తియ్యండి. తుంచిన రెమ్మ ఆకులు తొందరగానే ముడుచుకోవడం మొదలెడతాయి, కాబట్టి ఆ పలకా కాగితం ముక్కా ముందే సిద్ధంగా పెట్టుకోండి. పక్కన పిల్లల స్కేలు మిల్లీమీటర్ల వైపు కనపడేలా పెట్టండి. అది లేకపోతే కాయ ఎంతుందో ఫోటో చూసేవాళ్ళకి తెలియదు.

యాప్‌లో పెట్టే ముందు ఒక్క పరీక్ష. కింది వైపు ఫోటోని తెర మీద వీలైనంత పెద్దది చేసి ఒక కాయని చూడండి. ఆ కాయకీ కొమ్మకీ మధ్య తొడిమ ఉందో లేదో మీ కంటికి తెలుస్తోందా? తెలిస్తే ఆ ఫోటో పనికొస్తుంది. మీకు తెలియకపోతే ఎవరికీ తెలియదు, మళ్ళీ తియ్యండి. పనికొచ్చినదాన్ని రెమ్మ ఒక్కటే మిగిలేలా కత్తిరించండి. ప్లాంట్‌నెట్ లాంటి యాపుల్లో ఇది ఆకా, పువ్వా, కాయా అని అడుగుతుంది. కింది వైపు ఫోటోకి కాయ అని చెప్పండి, ఒకే మొక్కవి రెండు మూడు ఫోటోలు కలిపి ఇవ్వండి. అది పేరు పక్కన చూపించే శాతాన్ని మాత్రం మార్కుల్లా తీసుకోకండి. మొదటి పేరుకీ రెండో పేరుకీ తేడా కొంచెమే అయితే తేలలేదనే అర్థం. అప్పుడు ఆ రెండు రకాల కాయల ఫోటోలూ తెరిచి మీ కాయతో మీరే పోల్చుకోండి. నాకు పంపితే వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, అది ఫోటోని కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఎంత బాగా తీసినా ఫోన్ ఫోటో ఒక చోట ఆగిపోతుంది. ఫిల్లాంథస్ ఫ్రాటెర్నస్ అని ఇంకో నేల ఉసిరి ఉంది, చూడటానికి అచ్చం అమారస్ లాగే ఉంటుంది, దాని కాయకీ తొడిమ ఉంటుంది. తేడా పువ్వులో. అమారస్‌కి పువ్వు చుట్టూ అయిదు రేకులు, ఫ్రాటెర్నస్‌కి ఆరు. వాటిని లెక్కపెట్టాలంటే పదింతలు చూపించే చేతి లెన్సుని ఫోన్ కెమెరాకి ఆనించి తియ్యాలి. పాత పుస్తకాల్లో మన నేల ఉసిరికి ఫిల్లాంథస్ నిరూరి అని కనపడితే కంగారు పడకండి. అది అమెరికా ఖండపు మొక్క పేరు, మన దగ్గర ఈ రెండింటికీ చాలాకాలం పొరపాటున వాడారు.

ఎర్ర రకమా మామూలు రకమా అన్నదానికి మాత్రం లెన్సుంటే ఇంకో గట్టి సాక్ష్యం దొరుకుతుంది. ముదిరిన కాయలున్న రెమ్మని తెల్ల కాగితం మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన గ్లాసు బోర్లించి రెండు రోజులు ఉంచండి. కాయలు పగిలి మిల్లీమీటరంత గింజలు రాలతాయి. గింజ వీపు మీద గీతలు పొడుగ్గా నడిస్తే మామూలు నేల ఉసిరి. అడ్డంగా నడిస్తే ఎర్ర రకం. గింజ కదలదు, ముడుచుకోదు, కాబట్టి కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు.

ఇంకొక్క మాట. కామెర్లకని వాడాలనుకుంటున్నారేమో, మీరు రాయలేదు గానీ మన వైపు నేల ఉసిరి ఎందుకు వెతుకుతారో నాకు తెలుసు. నేను గానీ యాప్ గానీ ఫోటో చూసి చెప్పిన పేరు మందు విషయంలో చాలదు. ఇంట్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

కింది వైపు ఫోటో రాగానే పంపండి. కాయలు ఇంకా పచ్చిగా ఉంటే తొడిమ చూసి చెబుతాను, అవి గోధుమ రంగుకి తిరిగాక గింజ కూడా చూద్దాం.